విషయం: 7-బి తరగతి గది పైకప్పు కారడం, పెచ్చులూడటం – 6 ఫొటోలతో

తేదీ: 23-07-2025

ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం మేడమ్.

పై అంతస్తులో మా 7-బి గది పైకప్పు కారుతోందని ఈ నెల 14న స్టాఫ్ రూమ్ దగ్గర మీకు చెప్పాను. ఎవరినైనా పంపి చూపిద్దామన్నారు. ఆ తర్వాత రెండుసార్లు గట్టి వాన పడింది. ఇప్పుడు నీళ్లతో పాటు సిమెంటు పెచ్చులు కూడా రాలుతున్నాయి. అందుకే ఆరు ఫొటోలు ప్రింట్ తీయించి, ఒక్కోదాని వెనక నంబరు, తేదీ, సమయం రాసి జత చేస్తున్నాను. అసలు ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. పిల్లల ముఖాలు ఎందులోనూ పడకుండా చూసుకున్నాను.

1, 2 ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ గుమ్మం దగ్గర ఒకే చోట నిలబడి తీసినవి. జులై 14 ఉదయం 8:50కి మరక కిటికీ పైన పళ్లెమంత ఉంది. 19న ఉదయం 9:10కి అదే మరక ఫ్యాన్ దాకా పాకింది. పిల్లలు దానికి ‘ఆఫ్రికా’ అని పేరు పెట్టుకున్నారు. సోషల్ పీరియడ్‌లో నవ్వులాటగానే ఉంది కానీ, పైన అది రోజురోజుకీ పెరుగుతోంది.

3వ ఫొటోలో బకెట్ ఉంది. చుక్కలు ఫొటోలో కనపడవు కాబట్టి, 19న మొదటి పీరియడ్ మొదలవగానే ఖాళీ బకెట్ పెట్టి, అయ్యాక తీశాను. 40 నిమిషాల్లో సగం నిండింది. పక్కన తడిసిన బెంచీలు కూడా కనిపిస్తాయి. అక్కడి ఆరుగురినీ వెనక వరసల్లో ఇరికించి కూర్చోబెడుతున్నాను.

నాకు అన్నిటికంటే టెన్షన్‌గా ఉన్నది 4వ ఫొటో. బెంచీ ఎక్కి చెయ్యి చాచి తీయడం వల్ల కాస్త మసకగా వచ్చింది. అయినా ఫ్యాన్ రాడ్ మొదట్లో ఉన్న కప్పు అంచున నీటి చుక్క వేలాడటం తెలుస్తుంది. ఫ్యాన్ కరెంటు తీగ దిగేది కూడా అక్కడి నుంచే. ఆ రోజే స్విచ్ ఆపి, దాని మీద టేప్ అంటించి ‘వేయవద్దు’ అని రాశాను. సోమవారం ఇంటర్వెల్ అయి గదిలోకి వచ్చేసరికి టేప్ ఊడదీసి ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఉక్కపోతలో 42 మంది పిల్లల్ని టేపుముక్క ఎంతసేపు ఆపుతుంది?

5వ ఫొటో నిన్న ఉదయం 8:35కి, పిల్లలు రాకముందు తీసింది. రెండో బెంచీ మీద పడిన పెచ్చు పక్కన స్కేలు పెట్టాను, 11 సెంటీమీటర్లు ఉంది. రాత్రిపూట రాలింది కాబట్టి సరిపోయింది. ఆ ముక్కను కవర్‌లో వేసి నా లాకర్‌లో ఉంచాను. 6వ ఫొటో అది ఊడిన చోటు. లోపలి ఇనుప చువ్వ బయటపడి తుప్పు కనిపిస్తోంది. ఫ్లాష్ వెలుగులో తుప్పు ఉన్నదానికంటే ఎర్రగా పడింది, ఆ తేడా మీరు గదికి వచ్చి చూస్తే తెలుస్తుంది.

డాబా మీద ఫొటో నా దగ్గర లేదు, నేను పైకి ఎక్కలేదు. అటెండర్ ఎక్కి చూసి, వేపాకులు తూముకు అడ్డంపడి మడమల లోతు నీళ్లు నిలిచాయని చెప్పాడు. కారణం అదొక్కటేనో, స్లాబ్‌లో పగుళ్లు కూడా ఉన్నాయో తెలిసినవాళ్లు చూసి చెప్పాలి. వేసవిలో ఈ మరక మీదే సున్నం కొట్టించారు, మొదటి వానకే మళ్లీ తేలింది. ఈసారి కూడా పైపైన సిమెంటు మెత్తితే నిలవదు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి పైనున్న సిమెంటును నెట్టేస్తుంది.

రేపటి నుంచే 7-బిని కింద ఖాళీగా ఉన్న డ్రాయింగ్ గదికి మార్చడానికి అనుమతి ఇవ్వండి. బెంచీలు మేమే దింపుకుంటాం. పాత గదికి తాళం వేయించి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ దగ్గరే కరెంటు తీయించండి. తూములో ఆకులు ఈ వారమే తీయించాలి. స్లాబ్‌ను ఇంజినీరుకు చూపించాకే మరమ్మతు మొదలుపెడితే మంచిది, లీకు ఆపే పని వానలు తెరిపి ఇచ్చాక చేయించవచ్చు.

పెచ్చు సంగతి పిల్లలు ఇంట్లో చెప్పినట్టున్నారు, నిన్న ఇద్దరు తల్లులు ఫోన్ చేసి అడిగారు. మీకు రాతపూర్వకంగా ఇస్తున్నానని మాత్రం చెప్పాను. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఆలోపు మీ జవాబు కాగితం మీద ఇస్తే వాళ్లకు అదే చూపిస్తాను.

ఇట్లు,
7-బి క్లాస్ టీచర్

జతపరచినవి: ఫొటోలు 1 నుంచి 6 వరకు