కౌలు కార్డుకు యజమాని సంతకం అడగొద్దు

అందరికీ నమస్కారం. ఉన్నది రెండు నిమిషాలే కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వడానికి భూమి యజమాని సంతకం అడగకూడదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలోంచి ఆ షరతు తీసేయాలి.

మాది బాపట్ల జిల్లా. పదకొండేళ్లుగా కౌలు రైతుల మధ్యే పనిచేస్తున్నాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. సరిగ్గా వరి కోతల సమయం. కొన్ని చేలు కోసి పనల మీద ఉన్నాయి, కొన్ని నిలబడే పడిపోయాయి. మా పక్క ఊళ్లో భార్యాభర్తలిద్దరూ నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఎకరానికి 22 బస్తాల కౌలు. నీళ్లు తీశాక పనలు ఎత్తి చూస్తే వెన్నులకే మొలకలొచ్చాయి. పంట నష్టం రాయడానికి వచ్చినవాళ్లు, ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఎవరి పేరుందో చూశారు. హైదరాబాద్‌లో ఉంటున్న యజమాని పేరుంది. పంట నష్టానికి ఇచ్చే పెట్టుబడి రాయితీ ఆయన ఖాతాలో పడింది. విత్తనాలకు, ఎరువులకు, దమ్ముకు, కూలీలకు అప్పు తెచ్చింది మాత్రం వీళ్లు. మూడు రూపాయల వడ్డీకి.

ఆ యజమాని చెడ్డవాడు కాదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నేనే వెళ్లి మాట్లాడాను. "సంతకం పెడితే రేపు పొలం వాళ్లదంటే నేనేం చేయాలమ్మా?" అన్నాడు. అది ఆయన ఒక్కడి భయం కాదు. 1956 నాటి కౌలు చట్టం కౌలుదారుకు హక్కులు ఇచ్చిన దగ్గర్నుంచీ మా ప్రాంతంలో కౌలు కాగితం మీదకెక్కడం మానేసింది. అంతా నోటిమాటే. మా నాన్న కూడా కౌలు రైతే. రెండేళ్లు దాటితే చేను మార్చేసేవాళ్లు, ఆ భయంతోనే. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని ఇప్పటి చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా భయం పోలేదు. భయపడేవాడి చేతికే పెన్ను ఇచ్చి సంతకం పెట్టమంటున్నాం. కార్డు గడువు 11 నెలలు. అంటే ప్రతి ఏడూ మళ్లీ ఆ గుమ్మం ముందు నిలబడాలి. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకు పోతుంది. అందుకే చాలామంది అడగడమే మానేశారు.

సంతకం లేకుండా సాగుదారును ఎలా గుర్తిస్తారు అంటారా? 2011 చట్టంలో యజమాని సంతకం లేకుండానే కార్డులు ఇచ్చాం. ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. గ్రామసభలో పేర్లు చదవండి. అభ్యంతరం ఉంటే యజమాని వచ్చి చెప్పుకోవచ్చు. ఈ-క్రాప్‌లో ఎలాగూ చేలోకి వెళ్లి ఫోటో తీస్తున్నారు. పట్టాదారు పేరు పక్కనే, ఆ చేలో నాటు వేసిన మనిషి పేరు కూడా రాయండి.

2011 కార్డులతో బ్యాంకు అప్పులు పెద్దగా రాలేదు, నిజమే. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉండేవాడు. ఆ చిక్కు ఈ ఒక్క మార్పుతో పోదు. దానికి భూమితో ముడిపెట్టకుండా, కొందరు రైతులు గుంపుగా ఒకరికొకరు పూచీ ఉండి తీసుకునే జేఎల్‌జీ రుణాల్లాంటివి పెంచాలి, ఆ విషయం చర్చలో మాట్లాడదాం. కానీ పంటల బీమాకు, నష్టపరిహారానికి, కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్ముకోవడానికి బ్యాంకుతో పనిలేదు. పంట ఎవరు వేశారో తెలిస్తే చాలు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. రైతు ఆత్మహత్య జరిగితే డివిజన్ స్థాయి త్రిసభ్య కమిటీ విచారణకు వస్తుంది. అలాంటి ఇళ్లలో నేను కూర్చున్నాను. కర్మకాండ కూడా పూర్తికాకముందే, మీ ఆయన కౌలు చేశాడనడానికి ఆధారం ఏదమ్మా అని అడుగుతారు. ఆమె లోపలికెళ్లి పురుగుమందుల కొట్టు చీటీలు, ప్రామిసరీ నోట్ల జిరాక్సులు తెచ్చి ముందు పెడుతుంది. ఆ చేలో ఆమె కూడా పదేళ్లు కలుపు తీసింది. కార్డు లేదు.

వేదిక మీద రెవెన్యూ శాఖ నుంచి వచ్చిన పెద్దలున్నారు. అయ్యా, నా ప్రశ్న మీకే. వచ్చే ఖరీఫ్ ఈ-క్రాప్ నమోదు మొదలయ్యేలోపు ఈ సవరణ తీసుకురావడానికి మీకు అడ్డేమిటి?