విషయం: మద్దిలేటి గారు నవంబరు 28న వెళ్తున్నారు, డిసెంబరు నుంచి మీ జీఎస్టీ పనులు పర్వీన్ గారు చూస్తారు

కర్నూలు, 10 నవంబరు 2025

అయ్యా, నమస్కారం.

మీ జీఎస్టీ లెక్కలు ఇన్నేళ్లుగా చూస్తున్న మద్దిలేటి గారు ఈ నెల 28, శుక్రవారంతో మన ఆఫీసులో పని ముగిస్తున్నారు. డిసెంబరు 1 నుంచి ఆయన చూసే ఫైళ్లన్నీ పర్వీన్ గారు చూస్తారు. ఈ సంగతి బజార్లో ఎవరో చెప్పగా మీకు తెలియడం కంటే నేనే ముందు చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

ఆయన ఇంకో ఆఫీసుకు పోవడం లేదు. బేతంచెర్లలో వాళ్ల నాన్న గారికి బండల పాలిష్ యూనిట్ ఉంది. పెద్దాయనకు ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, రోజూ యూనిట్‌కు పోయి నిలబడలేకపోతున్నారు. ఇంటికి పెద్ద కొడుకు కాబట్టి మద్దిలేటి గారే పోయి చూసుకోవాలి. ఈ మాట ఆయన రెండు నెలల ముందే నాతో చెప్పారు. అందుకే ఫైళ్లు అప్పజెప్పే పని తీరిగ్గా చేసుకునే వీలు దొరికింది.

ఆయన పనితనం మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా ఒక్కటి చెప్పాలి. మొన్న సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారినప్పుడు సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి, సిమెంటు 28 నుంచి 18కి దిగింది. ముందు రోజు ఆదివారం. ఆ రాత్రి వన్ టౌన్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్లో కూర్చుని, ట్యాలీలో ఒక్కో ఐటమ్ తెరిచి రేటు మార్చి, పొద్దున మొదటి బిల్లు సరిగ్గా వచ్చేదాకా ఆయన ఇంటికి పోలేదు. ఆ కొట్టుకు పొమ్మని నేను చెప్పలేదు, ఫీజులో అది లేదు. అలాంటి మనిషి వెళ్తున్నాడంటే మీకు కొంచెం టెన్షన్ ఉంటుందని తెలుసు. నాకూ బాధగానే ఉంది.

ఇక పర్వీన్ గారి సంగతి. బీకామ్ కర్నూల్లోనే చదివారు. నాలుగేళ్లుగా మన ఆఫీసులో ఉన్నారు కానీ లోపలి పని చేసేవారు కాబట్టి మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. ప్రతి నెలా 14న పోర్టల్లో 2బి రాగానే మీ కొనుగోలు బిల్లులతో పోల్చి, ఎవరి బిల్లు రాలేదో, ఎక్కడ నంబరు తప్పు పడిందో పట్టుకునేది ఆమే. మీకు సరుకమ్మిన పార్టీ తన రిటర్న్‌లో బిల్లు ఎక్కించకపోతే మీ క్రెడిట్ ఆగిపోతుంది కదా, అప్పుడు ఆ పార్టీకి ఫోన్ చేసి వెంటపడేది కూడా ఆమే. మద్దిలేటి గారు మీకు ఫోన్లో చెప్పే విషయాల్లో సగం ఆమె టేబుల్ మీద నుంచి వచ్చినవే.

ఆదోని పత్తి వ్యాపారులకు ప్రత్యేకంగా ఒక మాట. సీజన్ నడుస్తోంది, యార్డు నిండా పత్తి ఉంది, ఇప్పుడు మనిషి మారితే ఎట్లా అని మీకు అనిపించవచ్చు. రైతు దగ్గర నేరుగా కొన్న పత్తికి రివర్స్ ఛార్జ్ కింద 5 శాతం మీరే నగదుగా కట్టి, దానికి మీ పేరుతోనే బిల్లు రాసుకుని, తర్వాత క్రెడిట్ తీసుకునే లెక్క చాలాచోట్ల తికమక పెడుతుంది. పర్వీన్ గారు పోయిన సీజన్లో ఆ లెక్కలన్నీ మద్దిలేటి గారి పక్కన కూర్చుని చేశారు. ఈ సీజన్లో అక్టోబరు లెక్కలు ఆమె సొంతంగా వేశారు, ఆయన, నేను ఒకసారి చూశామంతే. దిద్దాల్సింది ఏమీ కనబడలేదు.

మద్దిలేటి గారి దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక్కో షాపుకు ఒక పేజీ. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది, ఏ టైములో చేస్తే ఫోన్ ఎత్తుతారు, శుక్రవారం మధ్యాహ్నం ఎవరిని కదిలించకూడదు, బిల్లులు వాట్సాప్‌లో పంపేదెవరు, సంచిలో వేసి పంపేదెవరు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పేజీలన్నీ ఇద్దరూ కూర్చుని చదివి, కొత్త బుక్కులోకి ఎక్కించారు. కాబట్టి మీ అలవాట్లు పర్వీన్ గారికి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన అవసరం రాదు.

ఈ నెల పని మామూలే. రేపు 11న వేసే జీఎస్టీఆర్-1, 20న వేసే 3బి మద్దిలేటి గారే చేస్తారు, పర్వీన్ గారు వెంట ఉంటారు. అయితే నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. 2024-25 సంవత్సరం బిల్లుల మీద క్రెడిట్ ఇంకా తీసుకోనిది ఏదైనా మిగిలి ఉంటే దానికి గడువు ఈ నవంబరు 30. అసలు లెక్కలో చూస్తే ఇప్పుడు వేసే అక్టోబరు 3బి లోనే అది ఎక్కాలి, ఆ తర్వాత ఆ డబ్బు పోయినట్టే. పాత బిల్లు ఏదైనా బీరువాలో, బండి సీటు కింద ఉంటే 15వ తేదీలోపు పంపండి. చూడటానికి ఇద్దరు మనుషులు ఉన్నప్పుడే అది చేసుకోవడం మంచిది.

ఫోన్ నంబరు మారదు. మీరు ఇన్నాళ్లూ మద్దిలేటి గారికి చేసింది ఆఫీసు సిమ్‌కే, 29 నుంచి అది పర్వీన్ గారి చేతిలో ఉంటుంది. ఈమెయిలూ అదే, ఫీజులూ అవే. డిసెంబరు 31 గడువు ఉన్న వార్షిక రిటర్న్ పని కూడా అనుకున్నట్టే నడుస్తుంది. దాన్ని ఈసారి నేనే దగ్గరుండి చూస్తాను.

28 సాయంత్రం మీ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ మారుస్తాం. ఇది అనుమానంతో చేసేది కాదు, ఆఫీసు నుంచి ఎవరు వెళ్లినా పాటించే పద్ధతి. కొత్త పాస్‌వర్డ్ కవరులో పెట్టి యజమాని చేతికే ఇస్తాం. మనిషి మారుతున్నాడని తెలిసి, మీ ఆఫీసు నుంచే చేస్తున్నామంటూ ఎవరైనా వేరే నంబరు నుంచి ఓటీపీ అడిగితే చెప్పకండి. ఫీజు కూడా ఆఫీసు ఖాతాకు తప్ప ఎవరి ఫోన్‌పేకూ వేయకండి. అలాంటి ఫోన్ ఏదైనా వస్తే వెంటనే నాకు చెప్పండి.

పర్వీన్ గారిని మీకు స్వయంగా పరిచయం చేయాలని ఉంది. 24న సోమవారం ఆదోనికి, 25న నంద్యాలకు, 26న ఎమ్మిగనూరుకు ముగ్గురం వస్తున్నాం. షాపులో పది నిమిషాలు టైమిస్తే చాలు. కర్నూలు వాళ్లు 27, 28 తేదీల్లో ఎప్పుడైనా ఆఫీసుకు రండి, మద్దిలేటి గారిని కలిసినట్టూ ఉంటుంది. ఆమె తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడతారు. మీకు ఏది వీలైతే అందులోనే అడగండి.

డిసెంబరు 20న వేసే నవంబరు నెల 3బి పర్వీన్ గారు పూర్తిగా సొంతంగా చేసే మొదటి 3బి. అది పంపే ముందు ప్రతి ఫైలూ నేను చూస్తాను. మధ్యలో పాత సంగతి ఏదైనా అడగాల్సి వస్తే ఫోన్ ఎత్తుతానని మద్దిలేటి గారు మాటిచ్చారు, కానీ మీరు నేరుగా ఆయనకు చేయకుండా ఆఫీసుకే చేయండి. ఆయన్ని అడిగి మీకు చెప్పే పని మాది.

ఏదైనా సందేహం ఉన్నా, ఈ మార్పు మీకు నచ్చకపోయినా మొహమాటపడకుండా నాతో చెప్పండి. రాత్రి 9 వరకు ఫోన్లో ఉంటాను.

ఇట్లు,
రంగారెడ్డి
ట్యాక్స్ కన్సల్టెంట్, కర్నూలు

తా.క.: అక్టోబరు కొనుగోలు బిల్లులు ఇంకా పంపనివాళ్లు 13వ తేదీ సాయంత్రంలోపు పంపగలరు. 14న 2బి రాగానే పోల్చడం మొదలుపెడతాం.