పసుపు సుద్దముక్క

రాత్రి ఒంటిగంటకు నూలుమిల్లులో దారం వడికే ఏడో రింగ్‌ఫ్రేమ్ డాఫ్ అయింది. దారం నిండిన కాపులు తీసి ఖాళీ బాబిన్లు ఎక్కించి డాఫర్లు ఇలా పక్కకు తప్పుకున్నారో లేదో, పోగులు తెగడం మొదలైంది. కోటయ్య ఒకటి అతికేలోపు అవతల మూడు తెగుతున్నాయి.

అతకడం చేతికి అలవాటైన పనే. మోకాలితో బ్రేకు నొక్కి కుదురు ఆపాలి. బాబిన్ పైకి లాగి కొస వెతకాలి. దాన్ని రింగుమీద తిరిగే చిన్న ట్రావెలర్‌లోంచి, పైన లాపెట్ కొక్కెంలోంచి తీసి, బాబిన్ దించి, బ్రేకు వదులుతూనే కొసను ముందు రోలరు దగ్గర వస్తున్న పీచుకు అందించాలి. ఒకటీ అరా అయితే లెక్కలోది కాదు. కానీ ఒక్కో మిషనుకు 1008 కుదుళ్లు, ఏడూ ఎనిమిదీ రెండూ అతనివే. తెగిన చోట రోలరు ఆగదు. వచ్చే పీచంతా సక్షన్ గొట్టం లాక్కుంటుంది. లాక్కోలేకపోతే రోలరుకు చుట్టుకుంటుంది, దాన్ని కొక్కెంతో పీకాలి.

ఇరవై నిమిషాల తర్వాత దానంతటదే సర్దుకుంది. అదే నలభై కౌంటు సన్నదారం నడిచే ఎనిమిదో మిషను మాత్రం మొదట్నించీ నిమ్మళంగా ఉంది.

రెండున్నరకు టీకి క్యాంటీన్‌కు వెళ్లాడు. చెవుల్లోంచి ప్లగ్గులు తీసి, చేతులు కడుక్కుంటూ తలెత్తితే కుళాయి పైన గోడమీద పసుపు సుద్దతో రాసి ఉంది: 'తెగేదాకా లాగకు'.

బోనస్ గొడవ గురించి ఎవరో రాశారనుకున్నాడు. నెల రోజులుగా క్యాంటీన్‌లో అదే మాట. టీ గ్లాసు పట్టుకుని మళ్లీ చూశాడు. చివర చిన్నగా, చుట్టూ గీత గీసి, 7 అని ఉంది. పసుపు సుద్ద నలభై కౌంటు కాపులకు గుర్తు పెట్టేది.

అంతకుముందు షిఫ్టు మారేటప్పుడు, తనకన్నా ముందు షిఫ్టులో ఏడో మిషను చూసిన మరియమ్మ ఏదో చెప్పబోయింది. "అన్నా, ఏడో దాన్ని..." అన్నంతవరకే వినబడింది. ఆ మిషన్ల హోరులో మిగతాది పోయింది, ఆమె బస్సుకు టైమైపోయింది.

టీ సగంలోనే వదిలి, ఫిట్టర్ బాషాను వెంటబెట్టుకుని ఏడో మిషను ప్యానెల్ దగ్గరకు వెళ్లాడు. బాషా స్పీడు పట్టిక తెరిచాడు, కుదురు నిమిషానికి తిరిగే చుట్ల లెక్క. ఎనిమిదో దానిలో డాఫ్ మొదటి పది శాతానికి 14,500, ఆ తర్వాత 16,000. ఏడో దానిలో మొదట్నించి చివరిదాకా 17,500.

"మధ్యాహ్నం మార్చినట్టున్నారు కోటయ్యా. అందుకే నీ పోగులు తట్టుకోవట్లేదు" అన్నాడు బాషా.

డాఫ్ మొదట్లో రింగ్ రైలు అడుగున ఉంటుంది, లాపెట్ పైనెక్కడో ఉంటుంది. మధ్యలో దారం పొడుగ్గా బుడగలా తిరుగుతుంది. పైగా చుట్టుకునేది సన్నని ఖాళీ బాబిన్‌కు. లాగుడంతా అప్పుడే ఎక్కువ. స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. కాపు అడుగు నిండితేగాని పోగుకు ఊపిరి ఆడదు.

సూపర్‌వైజర్ కుర్రవాడు. "స్పీడు తగ్గిస్తే కిలోలు తగ్గుతాయి, పొద్దున నన్నడుగుతారు" అన్నాడు.

కోటయ్య సక్షన్ డబ్బా మూత తీసి చూపించాడు. ఆ వేళకు అడుగున కాస్త ఉండాల్సిన దూది సగం పైకి వచ్చింది.

"ఇదంతా దారం కావాల్సింది సార్. మామూలుగా గంటకు నలభై తెగితే, ఇందాక ఇరవై నిమిషాల్లో అరవై ఒకటి అతికాను. అతికిన ప్రతి చోటా దారం లావు. రేపు వైండింగ్‌లో అక్కడే తెగుతుంది. మొత్తం తగ్గించమనట్లేదు సార్, మొదట్లోనే."

సూపర్‌వైజర్ డబ్బాలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఒక్క డాఫ్. చూద్దాం" అన్నాడు చివరకు.

బాషా మొదటి పది శాతానికి 14,500 కొట్టాడు. మిగతాది 17,500లోనే ఉంచాడు.

నాలుగూ ఇరవైకి డాఫ్ పడింది. కోటయ్య కుదుళ్ల వరస వెంట నడుస్తూ వేళ్లమీద లెక్కపెట్టాడు. ఇరవై నిమిషాలు దాటేసరికి పంతొమ్మిది. స్పీడు ఎక్కాక మరో ఆరు తెగాయి. వాటికి ట్రావెలర్లు మార్చాలి, చాలా అరిగిపోయాయి. బాషాకు ఆ కుదుళ్ల నంబర్లు చెప్పాడు.

ఏడింటికి షిఫ్టు దిగి క్యాంటీన్‌కు వెళ్లాడు. మరియమ్మ వచ్చేది మధ్యాహ్నం మూడింటికి. జేబులోంచి సుద్దముక్క తీసి, 7 కింద రాశాడు: 'మొదట 14,500. తర్వాత 17,500. 19 తెగినయ్.'