పిడికిలి పట్టు కొలత: అనంతపురం ఫిజియోథెరపిస్టు గారికి నోటు

తేదీ: 14 నవంబరు 2025, ఉదయం 10.30. మారతహళ్లి, బెంగళూరు, రోగి కుమారుడి ఇంట్లో.

రోగి: 68 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయురాలు, కుడిచేతి వాటం. ఆగస్టు 2న జారిపడి కుడి మణికట్టు దగ్గర రేడియస్ ఎముక విరిగింది. శస్త్రచికిత్స అవసరం కాలేదు. సెప్టెంబరు 13న సిమెంటు కట్టు తీశారు. ఎముక అతికిందని ఎక్స్‌రే చూసిన డాక్టరు రాసిచ్చాకే పట్టు కొలిచాను. రక్తపోటుకు మందు వాడుతున్నారు. ఈ నెలాఖరుకు సొంత ఊరు అనంతపురం వెళుతున్నారు.

ముందుగా ఒక మాట. అక్టోబరు 10న మరోచోట తీసిన కొలత ఆమె దగ్గరున్న చీటీలో ‘కుడి 22’ అని మాత్రమే ఉంది. కిలోలో పౌండ్లో లేదు, ఎన్నిసార్లు కొలిచారో లేదు. ఈ రోజు వచ్చిన 12 పక్కన దాన్ని పెట్టుకుని, చెయ్యి సగానికి సగం పడిపోయిందని కుటుంబం బెంగపడింది. పట్టు కొలిచే ఈ పరికరం డయలు మీద కిలోలు, పౌండ్లు రెండూ ఉంటాయి. 22 పౌండ్లంటే 10 కిలోలు. కట్టు తీసిన నాలుగు వారాలకు 22 కిలోలకన్నా 10 కిలోలే నమ్మదగ్గ అంకె. అయినా అది నా ఊహే కాబట్టి ఆ చీటీని పోలికకు వాడవద్దు. ఈ రోజు కొలతే మొదటిదిగా తీసుకోండి.

కొలిచిన తీరు: జామర్ హైడ్రాలిక్ డైనమోమీటరు, పిడి రెండో స్థానంలో. చేతులు లేని భోజనాల కుర్చీ, పాదాలు నేల మీద ఆనించి. భుజం ఒంటికి దగ్గరగా, మోచెయ్యి 90 డిగ్రీలు, బొటనవేలు పైకి, మణికట్టు కొద్దిగా వెనక్కి వంచి (30 డిగ్రీల లోపు). పరికరం బరువు ఆమె మీద పడకుండా అడుగున నా చెయ్యి ఆనించాను. ఉంగరం తీయించి, గాజులు పైకి జరిపించాను. రెండు చేతులకూ మార్చి మార్చి మూడేసి సార్లు. ఒకే చేతికి రెండు ప్రయత్నాల మధ్య నిమిషం విరామం. ప్రతిసారీ ‘గట్టిగా, ఇంకా గట్టిగా, వదలకండి’ అని ఒకే మాట, ఒకే గొంతుతో. డయలు నా వైపే ఉంచాను.

ఎడమ చేత్తో చేసిన మొదటి ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రెండు క్షణాలు నొక్కి, “పిడి కదలడం లేదండీ, చెడిపోయిందేమో” అని వదిలేశారు. ఈ పరికరం పిడి కంటికి కనబడేంతగా కదలదు. ఆ సంగతి ముందే చెప్పకపోతే చాలామంది ఇలాగే పట్టు సడలిస్తారు. పైగా ఊపిరి బిగబట్టారు. రక్తపోటు ఉన్నవారికి అది మంచిది కాదు. ఊపిరి వదులుతూ నొక్కమని చెప్పి, సగం బలంతో ఒకసారి అలవాటు చేయించి, గరిష్ఠం చూపే ముల్లును సున్నాకు తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. ముల్లు తిప్పడం మరిస్తే పాత అంకె అక్కడే నిలిచి ఉంటుంది, జాగ్రత్త.

ఫలితాలు (కిలోల్లో)
కుడి: 11, 12, 12. గరిష్ఠం 12, సగటు 11.7. చివరి రెండుసార్లు మణికట్టు చిటికెనవేలి వైపు నొప్పి, 10కి 3.
ఎడమ: 16, 16, 15. గరిష్ఠం 16, సగటు 15.7. నొప్పి లేదు.

ప్రమాణాలతో పోలిక: కుడి పట్టు ఎడమలో 75 శాతం. కుడిచేతి వాటం వారికి ఆ చెయ్యి సుమారు పది శాతం బలంగా ఉంటుందన్న మోటు లెక్క వేస్తే అసలు లోటు ఇంకా ఎక్కువే. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దెబ్బ తగలని ఎడమ చెయ్యి. ఆసియా సార్కోపీనియా బృందం 2019 ప్రమాణంలో ఆడవారికి 18 కిలోల లోపు, మగవారికి 28 కిలోల లోపు ఉంటే పట్టు తక్కువ. యూరప్ బృందం 2019 గీత ఆడవారికి 16 కిలోల లోపు. దాని ప్రకారం ఆమె సరిగ్గా అంచున ఉన్నారు. మనవారికి ఆసియా గీతే వాడాను. అది గరిష్ఠ కొలతను చూస్తుంది, సగటును కాదు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 14 సెకన్లు పట్టింది. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే మందకొడి కిందే లెక్క.

నా అభిప్రాయం: ఇది మణికట్టుతో ఆగే సమస్య కాదు. సార్కోపీనియా ఉండే అవకాశం ఉంది. కండ పరిమాణం కొలవకుండా నిర్ధారణ రాయడం లేదు. పడి ఎముక విరిగిన మనిషి కాబట్టి ఎముక సాంద్రత, కండ పరిమాణం రెంటికీ డెక్సా పరీక్ష గురించి డాక్టరును అడగమని కుమారుడికి చెప్పాను. చేతి వ్యాయామాలతో పాటు కాళ్ల బలానికి కుర్చీ వ్యాయామాలు మొదలుపెట్టాం. రోజూ తినే మాంసకృత్తులు తక్కువే: ఉదయం ఇడ్లీ, రాత్రి మజ్జిగన్నం. పప్పు, గుడ్డు పెంచడానికి ఒప్పుకున్నారు.

మళ్లీ డిసెంబరు 26న కొలవండి. ఉదయం పూట, చేతులు లేని కుర్చీలో, ఇదే రకం పరికరంతో, రెండో స్థానంలోనే. మీ దగ్గర స్ప్రింగు పరికరం ఉంటే దాని పేరు రాసి, ఈ అంకెలతో పోల్చకుండా వేరుగా ఉంచండి. డయలు మీద గీతలు రెండేసి కిలోలకే ఉంటాయి కనుక ఒకటి రెండు కిలోల తేడాను మెరుగు అనవద్దు. ఐదారు కిలోలు పెరిగితే చెప్పండి, ఆమె కూడా సంతోషిస్తారు. మూడు ప్రయత్నాలూ విడివిడిగా రాయండి. ఈ కాగితం ఎక్స్‌రేల కవరులోనే పెట్టాను.