టర్మ్ పేపర్ మార్కులపై మీ అభ్యర్థనకు జవాబు

శ్రావణికి,

విశాలాంధ్రపై రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వైఖరి గురించి రాసిన బి.ఏ. చరిత్ర ఐదో సెమిస్టర్ టర్మ్ పేపర్‌కు 40కి 25 మార్కులే వేయడం న్యాయంగా లేదనీ, కనీసం 32 రావలసి ఉందనీ మీరు సోమవారం ఇచ్చిన లేఖ అందింది. సెమిస్టర్ ఆరంభంలో అందరికీ పంచిన రూబ్రిక్‌ను దగ్గర పెట్టుకుని మీ పేపర్‌ను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాను. మార్కుల్లో మార్పు లేదు. కారణాలు కింద వివరిస్తున్నాను.

చారిత్రక నేపథ్యం విభాగంలో మీకు 8కి 7 వచ్చాయి. పొట్టి శ్రీరాములు దీక్ష నుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడం వరకు వరుస తప్పకుండా రాశారు. మద్రాసు నగరంపై పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమన్న 1949 నాటి కాంగ్రెస్ జె.వి.పి. కమిటీ నివేదిక ప్రస్తావన లేకపోవడంతో ఒక మార్కు తగ్గింది. భాష, అమరికకు 8కి 6 ఇచ్చాను. దానిపై మీకూ అభ్యంతరం లేదు.

మీ అసలు అభ్యంతరం ఆధారాల వినియోగంలో 12కి 5 రావడంపై. పదకొండు ఆధారాలు చూపినా ఇంత తక్కువా అని అడిగారు. రూబ్రిక్‌లో ఆధారాల సంఖ్యకు మార్కులు లేవు. 4 నుంచి 6 మార్కులకు వర్తించే 'మధ్యస్థం' స్థాయి వివరణ ఇది: “ఆధారాలు విషయానికి సంబంధించినవే, అయితే వాటిలో అనుకూలమైన భాగాన్నే తీసుకోవడం వల్ల మూలం చెప్పినదానికీ విద్యార్థి చెప్పినదానికీ పొంతన కుదరదు.” దానికి పైనున్న 'బాగు' స్థాయికి “మూలంలోని అనుకూల, ప్రతికూల అంశాలు రెండింటినీ సరిగా నివేదించడం” తప్పనిసరి.

మీ పేపర్ ఆరో పుటలో “ఫజల్ అలీ సంఘం విశాలాంధ్రను సిఫార్సు చేసింది” అని ఉంది. ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదిక అలా చెప్పలేదు. తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పేరుతో విడిగానే ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరగబోయే సాధారణ ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే ఆంధ్రతో కలపవచ్చనీ సంఘం చెప్పింది. కృష్ణా, గోదావరి జలాలు ఒకే పాలన కిందికి రావడం, ఆంధ్రకు రాజధాని సమస్య తీరడం వంటి ప్రయోజనాలను నివేదిక ఒప్పుకుందన్న మీ మాట నిజమే. ఆ పేరాలను మీరు చక్కగా ఉటంకించారు కూడా. కానీ వాటి వెంటనే వచ్చే పేరాల్లో తెలంగాణకున్న ఎక్సైజ్ రాబడి గురించీ, చదువుల్లో ముందున్న కోస్తావారు తమను మించిపోతారన్న తెలంగాణవారి భయాల గురించీ సంఘం రాసింది. మీరు ప్రయోజనాల దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి నేరుగా సిఫార్సుకు దూకారు. ప్రశ్న అడిగిందే “సంఘం వైఖరిని నివేదిక ఆధారంగా పరిశీలించండి” అని కనుక, దీన్ని పక్కనున్న చిన్న లోపంగా తీసుకోలేను. ప్రయోజనాలన్నీ ఒప్పుకోవడమంటే సిఫార్సు చేసినట్టే కదా అని మీ లేఖలో వాదించారు. ఆ మాటను మీ అన్వయంగా పేపర్‌లో రాసి, దాని పక్కనే సంఘం అసలు సిఫార్సును కూడా చూపి ఉంటే 'బాగు' స్థాయికి తీసుకునేవాడిని.

వాదన విభాగంలోనూ ఇదే పొరపాటుకు రెండోసారి కోత పడిందని మీరు అనుకుంటున్నారు. అది సరికాదు. అక్కడ మీకు 12కి 7, అంటే 'బాగు' స్థాయి వచ్చింది. ఒకే లోపాన్ని రెండు చోట్లా లెక్కించి ఉంటే ఆ స్థాయి దక్కేది కాదు. “వాదన స్పష్టంగా ఉంది, ప్రతివాదాన్ని ప్రస్తావించినా దానికి జవాబు చెప్పలేదు” అన్నది ఆ స్థాయి వివరణలోని వాక్యం. మీ తొమ్మిదో పుటలో తెలంగాణ వ్యతిరేకతకు దక్కింది “కొందరు అంగీకరించలేదు” అన్న ఒక్క వాక్యం. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని పేర్కొన్నారు గానీ, విలీనాన్ని అందరూ కోరుకుని ఉంటే అందులో తెలంగాణకు అన్ని రక్షణలు రాసుకోవలసిన అవసరం ఏమొచ్చిందన్న ప్రశ్న వేసుకోలేదు. ఆ ప్రశ్నే 'ఉత్తమం' స్థాయికి దారి.

మీకన్నా తక్కువ పుటలు రాసిన స్నేహితురాలికి ఎక్కువ మార్కులు వచ్చాయని రాశారు. మరొకరి పేపర్‌పై మీతో చర్చించడం పద్ధతి కాదు. పుటల సంఖ్యకు రూబ్రిక్‌లో స్థానం లేదన్నంత వరకే చెప్పగలను.

ఈ వివరణతో మీరు ఏకీభవించకపోతే రెండో మూల్యాంకనం కోరుతూ ఈ నెల 24వ తేదీలోగా శాఖాధిపతి గారికి దరఖాస్తు చేయవచ్చు. నా మార్కులు, వ్యాఖ్యలు లేని ప్రతిని మరో అధ్యాపకులు చదువుతారు. వారు వేసిన మార్కులు ఎక్కువైనా తక్కువైనా అవే ఖరారవుతాయి. అంతకుముందు నివేదికలోని ఆ పేరాలను కలిసి చదవాలనుకుంటే గురువారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు శాఖలోనే ఉంటాను, మీ పేపర్ తీసుకుని రండి.

ఇట్లు,
మీ చరిత్ర అధ్యాపకుడు