నడుము నొప్పి వారం: ముందు ఓసారి చూపించుకోండి

నడుం పట్టేస్తే చాలామంది చేసే మొదటి పని మంచం ఎక్కడం. నొప్పి బాగా ఉన్నప్పుడు కాసేపు నడుం వాల్చడంలో తప్పు లేదు. రోజుల తరబడి లేవకుండా ఉంటేనే ఒళ్లు ఇంకా బిగుసుకుపోతుంది, కదలాలంటే భయం పెరుగుతుంది. ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకుంటూ ఉండటమే ఎక్కువమందికి మంచిది.

ఇక రెండో టెన్షన్ ఎంఆర్ఐ రిపోర్ట్. అందులో 'డిస్క్ బల్జ్', అంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బిందని కనపడగానే నడుము పని అయిపోయిందనుకుంటారు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా అలాంటి మార్పులు కనిపించడం మామూలే, వయసు పెరిగేకొద్దీ మరీను. రిపోర్ట్ ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. మనిషిని చూడాలి.

అందుకే ఈ సోమవారం నుంచి శనివారం వరకు మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో నడుము నొప్పి అసెస్‌మెంట్ స్లాట్‌లు పెట్టాం. ఉదయం 9 నుంచి 12 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు. ఒక్కొక్కరికి 45 నిమిషాలు. ఈ వారం అసెస్‌మెంట్‌కు ఫీజు లేదు. ఆ తర్వాత సెషన్లు మా దగ్గరే తీసుకోవాలన్న షరతూ లేదు.

నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతోంది, కాల్లోకి లాగుతోందా, నిద్ర ఎలా ఉంది, రోజంతా ఏ పని చేస్తారు అని అడుగుతాం. వంగడం, తిరగడం, కాలు ఎత్తడం చూస్తాం. కండరాల బలం, స్పర్శ, రిఫ్లెక్స్‌లు పరీక్షిస్తాం. మాకు అర్థమైంది మామూలు మాటల్లో చెప్తాం, ఇంట్లో ఏం చేసుకోవచ్చో చూపిస్తాం. డాక్టర్ చూడాల్సిన విషయమైతే ఆ మాటే చెప్తాం.

'ఒక్క సిట్టింగ్‌లో నొప్పి మాయం' అని మాత్రం చెప్పం. ఎవరి నడుము ఎన్నాళ్లకు, ఎంతవరకు సర్దుకుంటుందో ముందే మాట ఇవ్వలేం. కొందరికి కొద్ది వారాల్లో తేలికపడుతుంది, కొందరికి మళ్లీ మళ్లీ వస్తుంటుంది.

ఒక్క ముఖ్యమైన మాట. మూత్రం ఆగిపోయినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గిపోతున్నా స్లాట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పడిపోయాక లేదా యాక్సిడెంట్ తర్వాత వచ్చిన తీవ్రమైన నొప్పి అయినా అంతే. నడుము నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌నే కలవండి.

స్లాట్ కావాలంటే ఈ పేజీకి 'నడుము' అని మెసేజ్ పెట్టండి, మీకు వీలైన రోజు, పూట రాయండి. రిపోర్ట్‌లు మెసేజ్‌లో పంపకండి, వచ్చేటప్పుడు తెచ్చుకోండి. వాడుతున్న మందుల చీటీ కూడా. వదులైన బట్టలు వేసుకుంటే చూడటం సులువు. పాత స్కాన్ లేకపోయినా రావచ్చు, దీనికోసం కొత్తగా తీయించుకోవద్దు. రాలేకపోతే ముందురోజే చెప్పండి, ఆ టైమ్ ఇంకొకరికి ఇస్తాం.

#నడుమునొప్పి #వెన్నునొప్పి #ఫిజియోథెరపీ