రోజూ రీడింగ్ ఎందుకు వద్దంటున్నానంటే

తిరుపతి,
ఆదివారం

సుజాతా,

రోజూ పొద్దున మూడు టారో కార్డులు తీసి చెప్పమన్నావు, నెలకింతని డబ్బు ఇస్తానన్నావు. నేను చెప్పనే. కోప్పడకుండా చదువు.

బైరాగిపట్టెడ అద్దె ఇంటి సంగతే చూడు. సోమవారం ఏస్ ఆఫ్ పెంటకిల్స్ వస్తే తీసుకుందామన్నావు. బుధవారం అదే ప్రశ్నకు ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చేసరికి భయపడ్డావు. శుక్రవారం మూడోసారి అడిగావు. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ఒక్క ఇటుక కూడా మారలేదు, మారింది కార్డులే. అడ్వాన్స్ ఎంత తగ్గిస్తారు, నీళ్లు ఎన్నాళ్లకోసారి వదులుతారు అనే రెండు మాటలు మాత్రం ఓనరమ్మను అడగలేదు. ఈలోగా ఇంకెవరో చేరిపోయారు.

టారోలో ఉండేది 78 కార్డులు. నిన్ను వణికించేవి టవర్, డెత్, డెవిల్, కత్తుల గుర్తు కార్డుల్లో మూడు, తొమ్మిది, పది. ఈ ఆరే అనుకున్నా, రోజుకు మూడు తీస్తే నెలలో ఆరేడు రోజులు వీటిలో ఒకటైనా పడుతుంది. నీకేదో కీడు జరగబోతోందని కాదు, లెక్క అంతే. పడిన రోజున 'ఇంకొకటి తియ్యి' అంటావు. నచ్చింది వచ్చేదాకా తీస్తే అది రీడింగ్ ఎట్లవుతుంది?

సరిగ్గా చెప్పినట్టే ఉంటుందంటావు. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఒకే జాతకంలాంటి కాగితం ఇచ్చి, ఇది నీ గురించే అన్నాడు. ఐదుకు సగటున నాలుగుకు పైనే మార్కులు వేశారు వాళ్లు. నా మాటల్లో కూడా అట్లా ఎవరికైనా అతికేవి ఉంటాయి.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. కార్డు చూసి చేసిన పని కలిసొస్తే మెప్పు కార్డుకు పోతుంది, బెడిసికొడితే రీడింగ్ సరిగా అర్థం కాలేదంటావు. నీ అంచనా ఎక్కడ సరైంది, ఎక్కడ తప్పింది అనేది నీకు చేరదు. అది చేరకపోతే తెలివి పదునెక్కదు. ముందు ఇంటి గురించి అడిగినదానివి, మొన్న కూతురి ఫీజు ఏ రోజు కట్టాలో కూడా అడిగావు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. తేల్చుకోవలసింది ఏమిటో, నీ నిర్ణయమేమిటో, దానికి రెండు కారణాలు, పదికి ఎంత నమ్మకమో, తేదీతో సహా రాయి. రెండు వారాలకు ఏం జరిగిందో పక్కనే రాయి. అడగాలనిపించిన రోజు ముందు ఇది రాసి, ఒక రోజు ఆగు. మొదటి వారం గుండె దడగా ఉంటుంది. కార్డు చూడగానే వచ్చే ఊరట అలవాటైపోయింది కాబట్టి అట్లా ఉంటుంది. చాలామందికి మూడో నాలుగో రోజే పట్టు తప్పుతుంది. తప్పితే మానేయకుండా మరుసటి రోజు మళ్లీ రాయి.

ఒంట్లో బాగాలేకపోతే నా దగ్గరికి రావద్దు, రుయాకో స్విమ్స్‌కో వెళ్లు. చీటీ డబ్బులు, కోర్టు కాగితాలు కూడా కార్డుల పని కాదు.

నెలకొకసారి, మొదటి ఆదివారం రా. డబ్బు తీసుకోను. ఒక్కటే ప్రశ్న, 'ఏం జరుగుతుంది' అని కాకుండా 'ఇందులో నేను చూడనిదేముంది' అని. పరిస్థితి మారకుండా పాత ప్రశ్నకు మళ్లీ కార్డులు తీయను. నోట్‌బుక్ తేవడం మర్చిపోకు, కార్డులు కలిపే ముందు అదే చదువుదాం.

నీ
పద్మ